పాత వర్షన్‌కి వెళ్తే సరిపోతుందా?

డెవ్‌ఆప్స్ ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో ఏదో ఒక రూపంలో తప్పకుండా ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. "సాయంత్రం కొత్త వర్షన్ డిప్లాయ్ చేశారు. పది నిమిషాల్లో ఎర్రర్లు మొదలయ్యాయి. ఏం చేస్తారు?" చాలామంది అభ్యర్థులు ఠక్కున "రోల్‌బ్యాక్ చేస్తానండి" అనేస్తారు. జవాబు తప్పేమీ కాదు, కానీ అసలు ఇంటర్వ్యూ అక్కడే మొదలవుతుంది. "సరే, ఎక్కడికి వెనక్కి వెళ్తారు? ఎర్రర్లు వస్తున్నాయని మీకు చెప్పిందెవరు? ఆ పది నిమిషాల్లో కస్టమర్లు నింపిన డేటా ఏమైపోతుంది?" అమీర్‌పేట కోచింగ్ నోట్సులో రోల్‌బ్యాక్ నిర్వచనం దొరుకుతుంది గానీ, ఈ మూడింటికీ జవాబు దొరకడం కష్టం.

ప్రోగ్రామర్ రాసిన కోడ్ జనం వాడే సర్వర్లకు చేరేలోగా దాటాల్సిన దశల వరసే పైప్‌లైన్. కోడ్ సేవ్ కాగానే యంత్రమే దాన్ని తీసుకుని బిల్డ్ చేస్తుంది, పరీక్షలు నడుపుతుంది, కంటైనర్ ఇమేజ్‌గా కట్టి ఒక నంబరు వేసి భద్రపరుస్తుంది, చివరికి సర్వర్ల మీద పెడుతుంది. ఇమేజ్ కట్టేదాకా ఎక్కడ విఫలమైనా ఎవరికీ నష్టం లేదు. తెర మీద ఎర్రగుర్తు పడుతుంది, జనం పాత వర్షన్‌నే వాడుకుంటూ ఉంటారు. చిక్కంతా చివరి అడుగులోనే.

ఒక టికెట్ బుకింగ్ సర్వీస్‌ను ఊహించుకుందాం. కుబర్నెటీస్‌లో దాని కాపీలు నాలుగు నడుస్తున్నాయి. కొత్త వర్షన్ ఇవ్వగానే కుబర్నెటీస్ నాలుగింటినీ ఒక్కసారి మార్చేయదు. డిఫాల్ట్ సెట్టింగుల ప్రకారం పాతిక శాతం కాపీలను మాత్రమే తగ్గిస్తుంది, పాతిక శాతం మాత్రమే అదనంగా లేపుతుంది. అంటే పాతవి మూడు పనిచేస్తూనే ఉంటాయి, కొత్తవి రెండు లేస్తాయి. లేచినంత మాత్రాన వాటికి పని అప్పగించరు. "సిద్ధమా?" అని కొన్ని సెకన్లకోసారి అడిగే రెడీనెస్ ప్రోబ్‌కు సరైన జవాబు వస్తేనే రిక్వెస్టులు వాటివైపు మళ్ళుతాయి. కొత్త వర్షన్‌కు డేటాబేస్ పాస్‌వర్డ్ తప్పుగా ఇచ్చారనుకోండి, ఆ రెండు కాపీలూ ఎప్పటికీ "సిద్ధం" అనవు. రోల్‌అవుట్ అక్కడే ఆగిపోతుంది. పాత మూడు కాపీలూ టికెట్లు అమ్ముతూనే ఉంటాయి. సురక్షితంగా విఫలం కావడమంటే ఇదే.

ఇదంతా ఆ ప్రోబ్ నిజాయితీ మీద ఆధారపడి ఉంది. డేటాబేస్ అందుతోందో లేదో చూడకుండా, అడిగిన ప్రతిసారీ కళ్ళు మూసుకుని "బాగానే ఉన్నాను" అనేలా దాన్ని రాసేవాళ్ళున్నారు. అప్పుడు పాడైన కాపీలు దర్జాగా లోపలికొచ్చి, మంచివాటిని ఒక్కొక్కటిగా బయటికి పంపేస్తాయి.

ఇక్కడ ఇంటర్వ్యూ చేసేవాళ్ళకు ఇష్టమైన చిన్న మెలిక ఒకటుంది: "రోల్‌అవుట్ ఆగిపోయాక కుబర్నెటీస్ తనంతట తాను పాత వర్షన్‌కు వెళ్తుందా?" వెళ్ళదు. డిఫాల్ట్‌గా 600 సెకన్లు చూసి, ముందుకు సాగడం లేదని రాసిపెట్టి ఊరుకుంటుంది. వెనక్కి తీసుకెళ్ళే పని పైప్‌లైన్‌కు మనమే అప్పజెప్పాలి.

```
kubectl rollout status deployment/booking --timeout=120s || {
  kubectl rollout undo deployment/booking
  exit 1
}
```

కొత్త వర్షన్ రెండు నిమిషాల్లో పూర్తిగా నిలబడకపోతే పాతదానికి వెళ్ళమని మొదటి రెండు వరుసల అర్థం. ఆ `exit 1` ఎందుకో చెప్పగలిగిన అభ్యర్థి మీద ఇంటర్వ్యూ చేసేవారికి గురి కుదురుతుంది. అది లేకపోతే రోల్‌బ్యాక్ విజయవంతమైంది కాబట్టి పైప్‌లైన్ పచ్చగుర్తు చూపిస్తుంది. కొత్త ఫీచర్ ప్రొడక్షన్‌లోకి వెళ్ళిపోయిందనుకుని టీమంతా ఇంటికెళ్తుంది.

రోల్‌బ్యాక్‌లో కోడ్‌ను మళ్ళీ రాయడం, మళ్ళీ బిల్డ్ చేయడం ఏమీ ఉండదు. నిన్నటి ఇమేజ్ ఎక్కడికీ పోలేదు. పాత అమరికలను కుబర్నెటీస్ డిఫాల్ట్‌గా పదింటిని గుర్తుంచుకుంటుంది. `undo` అనగానే నిన్నటి అమరికను తీసి, అందులో రాసిన ఇమేజ్‌ను మళ్ళీ నడుపుతుంది. అందుకే ప్రతి ఇమేజ్‌కూ వేరే నంబరు ఉండాలి. అన్నింటికీ `latest` అనే ఒకే పేరు పెట్టుకుంటూ పోయినవాళ్ళకు, తీరా అవసరం పడినప్పుడు వెనక్కి పిలవడానికి పాత పేరంటూ ఉండదు.

ప్రోబ్‌కు దొరకని తప్పులూ ఉంటాయి. సర్వీస్ చక్కగా లేస్తుంది, కానీ సీనియర్ సిటిజన్ రాయితీ లెక్క తప్పుతుంది. ఇలాంటివి నిజమైన కస్టమర్లు వాడితేనే బయటపడతాయి. అందుకే ముందు నూటికి అయిదుగురిని మాత్రమే కొత్త వర్షన్‌కు పంపి చూస్తారు. దీన్ని కేనరీ అంటారు. అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టుకుని చూసినట్టే. కాకపోతే ఈ మెతుకు సరిపడా పెద్దదై ఉండాలి. నిమిషానికి 2,000 రిక్వెస్టులు వచ్చే సైట్‌లో అయిదు శాతమంటే వంద. నూటికి ఒకటి తప్పుతోందంటే నిమిషానికి ఒక్క ఎర్రర్ కనిపిస్తుంది, పావుగంట ఆగితే తేడా తెలిసిపోతుంది. అదే అర్ధరాత్రి రెండింటికి నిమిషానికి ఇరవై రిక్వెస్టులే వస్తుంటే, కేనరీకి దక్కేది ఒక్కటి. ఆ లెక్కన పావుగంటలో ఏ తప్పూ కనబడకపోవడంలో వింతేమీ లేదు.

ఇప్పుడు ఇంటర్వ్యూలోని మూడో ప్రశ్న, డేటా సంగతి. కొత్త వర్షన్‌లో `phone` అనే కాలమ్ పేరును `mobile` అని మార్చారనుకుందాం. డిప్లాయ్ అయింది, వేరే కారణంతో ఎర్రర్లు వచ్చాయి, రోల్‌బ్యాక్ చేశారు. పాత కోడ్ లేచి `phone` కావాలంటుంది. డేటాబేస్‌లో అది లేదు! కోడ్ వెనక్కి వెళ్ళింది గానీ డేటాబేస్ వెళ్ళలేదు. రాత్రి తీసిన బ్యాకప్‌ను తెచ్చి పెడదామంటే పగలంతా అమ్మిన టికెట్లు పోతాయి. అనుభవమున్నవాళ్ళు ఇదే మార్పును కొన్ని విడి డిప్లాయ్‌లుగా విడగొడతారు. మొదట `mobile` కాలమ్‌ను అదనంగా చేర్చి, పాతదాన్ని అలాగే ఉంచుతారు. తరవాతి కోడ్ రెండింటిలోనూ రాస్తుంది. పాత నంబర్లన్నీ కొత్త కాలమ్‌లోకి ఎక్కించాక, చదవడం అక్కణ్ణుంచి మొదలుపెడతారు. పాత కోడ్‌తో ఇక పనిలేదని తేలిన కొన్ని రోజులకు గానీ `phone`ను తీసేయరు. ఆ చివరి అడుగు వేసేదాకా, ఎక్కడ ఆగినా ఒక వర్షన్ వెనక్కి వెళ్ళే వీలుంటుంది.

వెనక్కి వెళ్ళిన కోడ్ చుట్టూ ఉన్న మిగతా వ్యవస్థ మాత్రం ముందుకెళ్ళిపోయి ఉంటే ఏమవుతుందో తెలుసుకోవాలంటే, అమెరికాలోని నైట్ క్యాపిటల్ అనే షేర్ల ట్రేడింగ్ కంపెనీ కథ వినాలి. అక్కడి మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ 2013 అక్టోబరులో ఇచ్చిన ఉత్తర్వులో ఈ వివరాలన్నీ ఉన్నాయి.

2012 ఆగస్టు 1న న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్ చిన్న మదుపరుల కోసం ఒక కొత్త పథకం మొదలుపెట్టింది. అందుకోసం నైట్ తన ఎనిమిది సర్వర్లలో కొత్త కోడ్ పెట్టాలి. ఆ పని చేసిన ఉద్యోగి ఏడింటిలో పెట్టి, ఎనిమిదోదాన్ని మరిచిపోయాడు. సరిచూడటానికి రెండో మనిషి లేడు, అలా చూడాలన్న రాతపూర్వక నియమమూ లేదు. ఆ ఎనిమిదో సర్వర్‌లో పవర్ పెగ్ అనే పాత కోడ్ మిగిలిపోయింది. 2003లోనే వాడటం మానేసినా దాన్ని ఎవరూ తీసేయలేదు. ఎన్ని షేర్లు కొన్నామో లెక్కపెట్టి ఆపే భాగాన్ని 2005లో దాన్నుంచి మరో చోటికి మార్చారు. దాంతో అది ఒకసారి మొదలైతే ఎక్కడ ఆగాలో తెలియనిదైపోయింది. దానికి తోడు, ఒకప్పుడు పవర్ పెగ్‌ను ఆన్ చేసే ఫ్లాగ్‌నే కొత్త కోడ్ కోసం మళ్ళీ వాడుకున్నారు. ఏడు సర్వర్లకు ఆ ఫ్లాగ్ అంటే కొత్త పథకం, ఎనిమిదోదానికి పవర్ పెగ్.

మార్కెట్ 9:30కి తెరుచుకోకముందే సిస్టమ్ నుంచి "పవర్ పెగ్ డిసేబుల్డ్" అంటూ 97 ఈమెయిళ్ళు వెళ్ళాయి. అవి హెచ్చరికలుగా చూడాల్సిన సందేశాలని ఎవరికీ తెలియదు, కాబట్టి ఎవరూ కదల్లేదు. "ఎర్రర్లు వస్తున్నాయని మీకు చెప్పిందెవరు?" అన్న ప్రశ్న ఎందుకు పుట్టిందో ఈ 97 ఈమెయిళ్ళను బట్టి గ్రహించవచ్చు.

మార్కెట్ తెరిచాక ఎనిమిదో సర్వర్ ఆగకుండా ఆర్డర్లు పంపడం మొదలుపెట్టింది. ఇంజనీర్లు కారణం వెతుకుతూ, ఎవరైనా చేసే పనే చేశారు. కొత్త కోడ్ మీద అనుమానంతో, దాన్ని సరిగా ఎక్కిన ఏడు సర్వర్ల నుంచి తీసేశారు. అంటే రోల్‌బ్యాక్! వచ్చే ఆర్డర్ల మీద ఫ్లాగ్ మాత్రం అలాగే ఉంది. అప్పటిదాకా ఒక్క సర్వర్ చేస్తున్న తప్పు ఆ ఏడింటిలోనూ మొదలైంది. దాదాపు 45 నిమిషాల్లో, 212 చిన్న ఆర్డర్లను తీర్చబోయి, 154 కంపెనీల షేర్లలో 40 లక్షల ట్రేడ్‌లు చేసేసింది నైట్. నష్టం 46 కోట్ల డాలర్ల పైమాటే. ఎస్‌ఈసీ వేసిన జరిమానా 1.2 కోట్ల డాలర్లు. మరుసటి ఏడాదే కంపెనీ గెట్‌కోలో కలిసిపోయింది.

ఆ ఉదయం చేయాల్సింది ఏమిటి? ముందు ఫ్లాగ్‌ను ఆపేయాలి, లేదా ఆర్డర్లు బయటికి వెళ్ళే దారినే మూసేయాలి. కోడ్ సంగతి ఆ తరవాత. ఇంటర్వ్యూలో ఈ వరస చెప్పినవాళ్ళు, "రోల్‌బ్యాక్" అని ఒక్కమాటతో ముగించినవాళ్ళకంటే ముందుంటారు. కుబర్నెటీస్ `undo` కూడా ఇమేజ్‌ను, దాని చుట్టూ ఉన్న అమరికనూ మారుస్తుంది గానీ, విడిగా దాచిన కాన్ఫిగ్‌మ్యాప్‌లోని సెట్టింగుల విలువలను ముట్టుకోదు.

రోల్‌బ్యాక్ సరిగ్గా చేసినా అవతలివాళ్ళకు అందని సందర్భాలూ లేకపోలేదు. 2024 జులై 19న భద్రతా సాఫ్ట్‌వేర్ కంపెనీ క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక ఫైలు వల్ల దాదాపు 85 లక్షల విండోస్ యంత్రాలు నీలి తెరలతో కూలిపోయాయి. హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్తున్న ఒక ప్రయాణికుడికి విమాన సంస్థ చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఆ రోజు సోషల్ మీడియాలో చక్కర్లు కొట్టింది. ఆ ఫైలును కంపెనీ 78 నిమిషాల్లోనే వెనక్కి తీసుకుంది. ఇంటర్నెట్‌కు కలిసేలోపే కూలిపోతున్న యంత్రాలకు సరిచేసిన ఫైలు చేరేదెలా? చాలాచోట్ల సిబ్బంది ఒక్కో యంత్రం దగ్గరికీ వెళ్ళి, సేఫ్ మోడ్‌లో తెరిచి, `C-00000291` అని మొదలయ్యే ఫైలును వెతికి చేత్తో తొలగించాల్సి వచ్చింది. ఆ కంపెనీ ఆ తరవాత చేసిన మార్పుల్లో ముఖ్యమైనది, అలాంటి ఫైళ్ళను కూడా అందరికీ ఒకేసారి పంపకుండా కేనరీతో మొదలుపెట్టి విడతలవారీగా పంపడం.