మీటరు తక్కువ ఎందుకు చూపిస్తుంది?

పెద్ద మోటార్ల కరెంటును కొలవడానికి మీటరుకు ముందు కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్ పెడతారు. దాని నిష్పత్తి 100/5 అయితే, తీగలో 60 ఆంపియర్లు పారినప్పుడు మీటరుకు 3 ఆంపియర్లు అందుతాయి. మీటరులో పొరపాటున 200/5 అని నమోదు చేస్తే 120 చూపిస్తుంది. ఎప్పుడూ రెట్టింపే కాబట్టి ఈ తప్పు ఇట్టే దొరుకుతుంది.

బర్డెన్ వల్ల వచ్చే తప్పు అలా దొరకదు. ట్రాన్స్‌ఫార్మర్ మోయాల్సిన మీటరు, తీగల భారమే బర్డెన్. మీటరు 20 మీటర్ల దూరంలో ఉంటే, రానూపోనూ 40 మీటర్ల సన్నని రాగి తీగకు దాదాపు 0.3 ఓమ్‌ల నిరోధం ఉంటుందనుకుందాం. 5 ఆంపియర్ల దగ్గర అది 7.5 వీఏ. ట్రాన్స్‌ఫార్మర్ 5 వీఏకే తయారైనదైతే, దాని ఇనుప కోర్‌ను అయస్కాంతంగా మార్చడానికే ఎక్కువ కరెంటు ఖర్చవుతుంది. మీటరుకు ఆ మేరకు తక్కువ చేరుతుంది. 100/1 ట్రాన్స్‌ఫార్మర్ వాడితే అదే తీగ భారం 0.3 వీఏ మాత్రమే.