గడువు దాటిన నిమిషం: రద్దయిన ఆర్డర్లు చెప్పే లెక్క

క్విక్ కామర్స్‌లో ప్రతి ఆర్డరూ ఒక గడువుతో మొదలవుతుంది. పాలూ పెరుగూ బుట్టలో వేసేలోపే ‘11 నిమిషాల్లో’ అని యాప్ చెబుతుంది. దగ్గర్లోని డార్క్ స్టోర్‌లో సరుకు వెతికి సంచిలో సర్దడానికి పట్టే సమయం, రైడర్ దొరకడానికి పట్టే సమయం, ఇంటిదాకా బండి నడిచే సమయం, ఈ మూడింటినీ కలిపి వేసిన అంచనా అది. మన దేశంలో 2020లో స్విగ్గీ ఇన్‌స్టామార్ట్, 2021లో జెప్టో వచ్చాయి. 2021 డిసెంబరులో గ్రోఫర్స్ తన పేరును బ్లింకిట్‌గా మార్చుకుంది. అప్పటినుంచి పోటీ అంతా ఈ అంకె చుట్టూనే తిరుగుతోంది. గడువు ఎంత తక్కువ చెబితే రద్దులు అంత తగ్గుతాయని చాలామంది నమ్మకం. అది ఎంతవరకు నిజమో ఆర్డర్ల పట్టికలోని సమయాలను సరిగ్గా చదివితే తెలుస్తుంది.

అలాంటి పట్టికలో ఒక్కో ఆర్డరుకు ఒక్కో వరస ఉంటుంది. ఆర్డర్ పెట్టిన సమయం `order_placed_at`, చెప్పిన గడువు `promised_at`, చేరిన సమయం `delivered_at`, రద్దయిన సమయం `cancelled_at`, ఎవరు రద్దు చేశారో చెప్పే `cancelled_by` అందులో ముఖ్యమైనవి. పేర్లు సంస్థను బట్టి మారినా పని ఇదే. కొత్తగా లెక్క వేసేవారు సాధారణంగా ఇక్కడే పొరబడతారు. చేరిన సమయంలోంచి గడువును తీసేసి ఆలస్యం ఎంతో కడతారు, ఆ ఆలస్యాన్ని రద్దులతో పోల్చాలనుకుంటారు. కానీ రద్దయిన ఆర్డరుకు చేరిన సమయం ఉండదు, ఆ గడి ఖాళీ. అంటే ఎవరి గురించి తెలుసుకోవాలనుకున్నామో వాళ్లే లెక్కలోంచి జారిపోతారు.

దీనికి విరుగుడు వైద్య గణాంకాల నుంచి వచ్చింది. చికిత్స మధ్యలో ఆసుపత్రికి రావడం మానేసిన రోగులను లెక్కలోంచి కొట్టేయకుండా, వాళ్లు కనిపించినంత కాలాన్నీ వాడుకునే పద్ధతిని కాప్లాన్, మేయర్ 1958లో ప్రచురించారు. ఆ ఆలోచనే ఇక్కడా పనికొస్తుంది. ఆర్డర్ పెట్టిన క్షణం నుంచి గడియారం నడుస్తుంది. ప్రతి నిమిషంలోనూ ఇంకా ఎదురుచూస్తున్న ఆర్డర్లు ఎన్ని, వాటిలో ఆ నిమిషంలో రద్దయినవి ఎన్ని అని చూడాలి. చేరిన ఆర్డర్, చేరగానే ఎదురుచూసేవాళ్ల జాబితాలోంచి వెళ్లిపోతుంది.

హైదరాబాద్‌లో ఒక డార్క్ స్టోర్ ఉందనుకుందాం. అంకెలన్నీ లెక్క అర్థం కావడానికి ఊహించినవే. 10 నిమిషాల గడువు చెప్పిన ఆర్డర్లు 1000, 20 నిమిషాలు చెప్పినవి 1000. మొదటి గుంపులో 40 రద్దయ్యాయి, రెండో గుంపులో 70. ఇక్కడే ఆగిపోతే ‘గడువు పెరిగితే రద్దులు పెరుగుతాయి’ అని నివేదిక రాసేయవచ్చు. `cancelled_by` చూస్తే కథ మారుతుంది. రెండో గుంపులోని 70లో 27 రద్దులు స్టోరువే, సరుకు అయిపోయి చేసినవి. మొదటి గుంపులో అలాంటిది ఒక్కటీ లేదు. కొనేవాళ్లు స్వయంగా రద్దు చేసినవి ఒకవైపు 40, మరోవైపు 43. తేడా దాదాపు కరిగిపోయింది.

అయితే ఈ రెండు అంకెలు దగ్గరగా ఉన్నంతమాత్రాన గడువుకు ప్రభావం లేదనుకోకూడదు. రద్దు ఏ నిమిషంలో జరిగిందో విడదీసి చూడాలి. మొదటి రెండు నిమిషాల్లో 10 నిమిషాల గుంపులో 12 మంది మనసు మార్చుకుంటే, 20 నిమిషాల గుంపులో 16 మంది మార్చుకున్నారు. ‘అంతసేపా’ అనిపించి వీధి చివరి కిరాణా కొట్టుకు వెళ్లిపోయినవాళ్లు ఎక్కువగా ఇక్కడ ఉంటారు. ఆ తర్వాత గడువు దాకా రద్దులు పలచబడతాయి: మొదటి గుంపులో 4, రెండో గుంపులో 15. రెండో గుంపుకు ఈ మధ్యకాలం ఎనిమిది నిమిషాలు కాదు, పద్దెనిమిది. ఎదురుచూపు ఎక్కువైతే మనసు మారడానికి అవకాశాలూ ఎక్కువే.

అసలు విషయం గడువు దాటాక బయటపడుతుంది. 10 నిమిషాలు గడిచేసరికి మొదటి గుంపులో 300 ఆర్డర్లు ఇంకా రాలేదు, వాటిలో 24 రద్దయ్యాయి. 20 నిమిషాలు గడిచేసరికి రెండో గుంపులో రానివి 150, వాటిలో 12 రద్దయ్యాయి. రెండు చోట్లా నూటికి ఎనిమిదే. మాట తప్పాక కొనేవాళ్ల స్పందన ఒకేలా ఉంది, మాట తప్పిన ఆర్డర్లే ఒక గుంపులో రెట్టింపు. చిన్న గడువు మొదట్లో 4 ఆర్డర్లను కాపాడింది, చివర్లో 12 ఎక్కువగా పోగొట్టింది. ఏ స్టోర్ లెక్క చూసినా ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టాకే గడువు తగ్గించాలో పెంచాలో తేల్చడం న్యాయం.

పట్టికే తప్పయితే ఇంత జాగ్రత్తా వృథా అవుతుంది. వాన పడి బండి ఆగిపోతే యాప్ కొత్త గడువు చూపిస్తుంది. కొన్ని వ్యవస్థలు పాత గడువును చెరిపి అదే గడిలో కొత్తది రాస్తాయి. అప్పుడు ఆలస్యమైన ఆర్డర్లన్నీ సమయానికే వచ్చినట్టు కనిపిస్తాయి. గడువు దాటాక చేసిన రద్దులు సైతం గడువు లోపలివే అయిపోతాయి. గడువుకు ముందు రద్దులు అనుమానం వచ్చేంత ఎక్కువగా, తర్వాత దాదాపు సున్నాగా ఉంటే ముందు చూడవలసింది దీన్నే. ఒక గడి భారత కాలమానంలో, మరొకటి అంతర్జాతీయ కాలమానంలో ఉండటం ఇంకో చిక్కు. తేడా సరిగ్గా ఐదున్నర గంటలు ఉంటుంది కాబట్టి దాన్ని పట్టుకోవడం తేలిక.

రద్దు మీట ఎప్పుడు మాయమవుతుందో కూడా తెలిసి ఉండాలి. ప్యాకింగ్ మొదలయ్యాక రద్దును ఒప్పుకోని యాప్‌లో ఐదో నిమిషం తర్వాత రద్దులు తగ్గితే అది కొనేవాళ్ల ఓపిక కాదు. విసిగినవాళ్లు గుమ్మం దగ్గర సంచి తీసుకోకుండా తిప్పి పంపేస్తారు. పట్టికలో అది రద్దు కాదు, వాపసు. రెంటినీ కలిపి లెక్కించకపోతే కోపం ఎక్కడికి పోయిందో కనిపించదు.

ఇన్ని సరిచేసుకున్నా కారణం తేల్చడం తేలిక కాదు. 20 నిమిషాల గడువు ఊరికే రాదు. వాన, ఆదివారం పొద్దుటి రద్దీ, రైడర్ల కొరత ఉన్నప్పుడే వస్తుంది. సరుకు అయిపోయేది, ఆలస్యం పెరిగేది కూడా ఆ వేళల్లోనే. పై ఉదాహరణలో స్టోరు చేసిన 27 రద్దులు అక్కడి నుంచి వచ్చినవే. గడువు ప్రభావాన్ని ఒంటరిగా చూడాలంటే ఒకే స్టోరు, ఒకే గంట, ఒకే రకం రోజు తీసుకుని పోల్చాలి. ఇంకా గట్టి దారి ఒకటుంది. లోపలి అంచనా 14.4 నిమిషాలైతే తెర మీద 14 అని, 14.6 అయితే 15 అని చూపే యాప్‌లో ఆ రెండు ఆర్డర్ల పరిస్థితి ఒకటే, కనిపించిన అంకె మాత్రమే వేరు. అలాంటివి వేల సంఖ్యలో ఉంటే వాటి మధ్య తేడాను గడువుకే ఆపాదించవచ్చు. దీనికి ముడి అంచనాను దశాంశాలతో సహా దాచి ఉంచాలి.

ఆర్డర్ల పట్టిక ఎన్నటికీ చెప్పలేనిది ఒకటి మిగులుతుంది. 25 నిమిషాలు అని చూసి యాప్ మూసేసినవాళ్లు అసలు ఆర్డరే పెట్టలేదు, కాబట్టి రద్దూ చేయలేదు. పెద్ద గడువుకు ఒప్పుకుని ఆర్డర్ పెట్టినవాళ్లు ముందే వడకట్టిన ఓపికమంతులు. వెళ్లిపోయినవాళ్లను లెక్కించాలంటే గడువు చూపిన ప్రతిసారీ ఆ అంకెనూ సమయాన్నీ వేరే పట్టికలో నమోదు చేయాలి. మొదట చెప్పిన గడువును ఎప్పటికీ మార్చని గడిలో భద్రపరచడం కూడా అంతే అవసరం. ఈ రెండూ లేని చోట గడువుకూ రద్దులకూ ఉన్న సంబంధం గురించి ఎవరు ఏ అంకె చూపినా నమ్మడానికి లేదు.