హజ్ రోజుల్లో ఇంటికి కబురు: ఎవరికి, ఎప్పుడు, ఏ దారిలో?

2024 జూన్‌లో తీవ్రమైన ఎండల మధ్య జరిగిన హజ్‌లో 1,301 మంది మరణించారని సౌదీ ప్రభుత్వం ప్రకటించింది. తమవాళ్లు ఎక్కడున్నారో తెలియక ఆ రోజుల్లో ఎన్నో కుటుంబాలు ఆసుపత్రులకు, అధికారులకు ఫోన్లు చేస్తూ గడిపాయి. బృందంగా వెళ్లే హాజీలు బయలుదేరే ముందే ఒక కాగితం మీద సమాచార ప్రణాళిక రాసుకుంటే ఈ ఆందోళన చాలావరకు తగ్గుతుంది.

ఒక ఊరి నుంచి 14 కుటుంబాలకు చెందిన 32 మంది వెళ్తున్నారని అనుకుందాం. మామూలుగా జరిగేదేమిటంటే, అందరి బంధువులనూ కలిపి ఒక వాట్సాప్ గ్రూపు పెడతారు. రెండు రోజుల్లో అది సలాములు, దుఆలు, ఫొటోలతో నిండిపోతుంది. "బస్సు ఆలస్యం" అన్న అసలు కబురు వాటి కింద పడిపోతుంది. అమ్మీ ఫోన్ ఎత్తలేదని ఒక కూతురు రాస్తే, పది నిమిషాల్లో 14 ఇళ్లలోనూ గాభరా మొదలవుతుంది.

అందుకే మొదట ప్రతి ఇంటికీ ఒకే మనిషిని ఎంచుకోవాలి. కబురు ఆ మనిషికే వస్తుంది. ఫోన్ వాడటం రాని నానీమాకు, దూరంలో ఉన్న మామూకు చేరవేసే బాధ్యత కూడా ఆ మనిషిదే. ఈ 14 మందితో గ్రూపు పెట్టి, అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పంపేలా సెట్టింగ్ మార్చాలి. అడ్మిన్లు ఇద్దరు ఉండాలి: బృందం పెద్ద, ఆయన ఫోన్ ఆగిపోతే రెండో మనిషి.

తర్వాత పట్టిక రాయాలి. ఈ బృందానికి అది ఇలా ఉంటుంది:

- మక్కా, మదీనాలో మామూలు రోజులు: 14 మందికీ రోజుకు ఒక మెసేజ్, గ్రూపులో, మన టైమ్ ప్రకారం రాత్రి 8:30కి. అప్పుడు సౌదీలో సాయంత్రం 6 అవుతుంది.
- జిల్‌హజ్ 8 నుంచి హజ్ రోజులు: మినా చేరాక ఒకటి, అరఫాత్ చేరాక ఒకటి, ముజ్దలిఫా నుంచి మినా తిరిగి వచ్చాక ఒకటి. నెట్ అందకపోతే ఎస్సెమ్మెస్.
- ఆసుపత్రిలో చేరితే: ఆ ఇంటి మనిషికి మాత్రమే, గంటలోపు, మామూలు ఫోన్ కాల్.

రోజూ వెళ్లే మెసేజ్‌లో "అందరూ క్షేమం" అని రాస్తే చాలదు. 32 మందిని ఎనిమిదేసి మంది చొప్పున 4 జట్లు చేసి, ఒక్కో జట్టుకు ఒక పెద్దను పెట్టాలి. నలుగురు పెద్దలూ తమవాళ్లను కళ్లారా చూసి లెక్క చెప్పాకే "32లో 32" అని మెసేజ్ వెళ్లాలి. ఇద్దరు కనిపించకపోతే "32లో 30, ఇద్దరి కోసం చూస్తున్నాం" అని గ్రూపులో పెట్టకూడదు. ముందు ఆ ఇద్దరి ఇళ్లకే కాల్ చేసి చెప్పాలి. గ్రూపులో మెసేజ్ ఆ తర్వాతే.

చాలామంది రాయని సంగతి ఒకటుంది. కబురు రాని సమయాన్ని కూడా ప్రణాళికలో రాయాలి. జిల్‌హజ్ 9న సూర్యుడు అస్తమించాక లక్షల మంది ఒకేసారి అరఫాత్ నుంచి ముజ్దలిఫాకు కదులుతారు. బస్సులు గంటల తరబడి ఆగుతాయి, నెట్‌వర్క్ నిండిపోతుంది, ఫోన్లలో చార్జింగ్ అయిపోతుంది, రాత్రి ఆరుబయటే గడుస్తుంది. కాబట్టి "9 సాయంత్రం నుంచి 10వ తేదీ మన టైమ్ సాయంత్రం 4 వరకు మెసేజ్ రాదు, అది మామూలే" అని ముందే చెప్పాలి. 6 దాటినా రాకపోతే ఇళ్లవాళ్లు ఎవరికి ఫోన్ చేయాలో, ఆ నంబర్ కూడా రాయాలి. ఈ ఒక్క లైన్ ఉంటే ఆ రాత్రి 14 ఇళ్లూ నిద్రపోతాయి.

ఆసుపత్రి కాల్‌లో నాలుగు విషయాలు చెప్పాలి: ఏ ఆసుపత్రి, ఎప్పుడు చేర్చారు, డాక్టర్ ఏమన్నారు, పక్కన ఎవరున్నారు. చివర్లో మళ్లీ ఎన్ని గంటలకు కాల్ చేస్తారో చెప్పి, కొత్త విషయం లేకపోయినా ఆ టైమ్‌కు చేయాలి. ఇంటివాళ్లు సరేననే వరకు గ్రూపులో ఆ మాట రాకూడదు.

బయలుదేరే వారం ముందు ఒకసారి పరీక్ష పెట్టాలి. "ఇది పరీక్ష, అందితే సరే అని ఫోన్ చేయండి" అని మెసేజ్ పంపితే, గంటలో ముగ్గురు పలకలేదని తేలొచ్చు. ఒకరి నంబర్ పాతది, ఒకరు నైట్ డ్యూటీ, ఒకరు నోటిఫికేషన్లు ఆపేశారు. ఆ ముగ్గురి బదులు వేరే మనిషినో, రెండో నంబరునో రాసుకోవాలి. అక్కడ సౌదీ సిమ్ వేసుకుంటే ఇండియా నంబరుకు మామూలు కాల్స్ అందకపోవచ్చు. అందుకని పట్టికలో కొత్త నంబరుకు ఒక గడి ఖాళీగా ఉంచి, దిగిన మొదటి రోజే నింపి ఇళ్లకు పంపాలి.

పట్టిక ఒక్క పేజీ దాటకూడదు. ఒక కాపీ ప్రతి హాజీ సంచిలో ఉండాలి, ఇంకొకటి ఇంట్లో ఫ్రిజ్ మీదో గోడ మీదో అతికించి ఉండాలి.