హంసయోగం ఉంటే చాలునా?

అమ్మాయికి వచ్చిన సంబంధంలో, "అబ్బాయి జాతకంలో హంసయోగం ఉందండీ" అనగానే మనం సంతోషపడిపోతాం. కాస్త ఆగి చూద్దాం.

కుజుడు, బుధుడు, గురుడు, శుక్రుడు, శని - వీరిలో ఎవరైనా స్వక్షేత్రంలోగానీ, ఉచ్చలోగానీ ఉండి, ఆ రాశి లగ్నానికి కేంద్రం, అంటే 1, 4, 7, 10 స్థానాల్లో ఒకటి అయితే పంచమహాపురుష యోగం అంటారు. గురుడివల్ల కలిగేది హంసయోగం.

గురుడు ఒక్కో రాశిలో సుమారు ఏడాది ఉంటాడు. ధనుస్సు, మీనం ఆయన ఇళ్లు, కర్కాటకం ఉచ్చ. అంటే పన్నెండేళ్లలో మూడేళ్లు. ఆ మూడేళ్లలోనూ పన్నెండు లగ్నాల్లో నాలుగింటికే ఆయన కేంద్రంలో పడతాడు. లెక్కవేస్తే సుమారు పన్నెండుమందిలో ఒకరికి ఈ యోగం ఉంటుంది. అందరూ మహాపురుషులు కాలేదు కదా! అందుకే బలం చూడాలి.

మేషలగ్నం, నాలుగో ఇంట కర్కాటకంలో గురుడు 8 డిగ్రీల దగ్గర ఉన్నాడనుకోండి. యోగం ఉన్నట్టే. కాని అదే రాశిలో రవి 12 డిగ్రీల దగ్గర ఉన్నాడు. రవికి 11 డిగ్రీల లోపల ఉన్న గురుణ్ణి అస్తంగతుడంటారు. ఇక్కడ తేడా నాలుగే! పేరుకు యోగమే గాని ఫలం పలచన.

రవి దూరంగా ఉన్నా, ఫలం ముఖ్యంగా గురుదశలోనే చెబుతారు. ఆ పదహారేళ్లూ అబ్బాయికి ఏ వయసులో వస్తాయో సిద్ధాంతిగారిని అడగండి. యోగం పేరు విని మాత్రం తాంబూలాలు పుచ్చుకోకండి.