నన్ను ఆడనివ్వకండి: స్వీయ నిషేధం ఎంతవరకు ఆపుతుంది?

డబ్బు పెట్టి ఆన్‌లైన్ రమ్మీ ఆడటాన్ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025లో కేంద్రం కూడా డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నింటినీ నిషేధిస్తూ చట్టం చేసింది. ఇక్కడినుంచి పైచదువుకు లెస్టర్‌కో బర్మింగ్‌హామ్‌కో వెళ్లిన కుర్రాడికి పరిస్థితి తిరగబడుతుంది. బ్రిటన్‌లో బెట్టింగ్ లైసెన్సున్న వ్యాపారం. పద్దెనిమిదేళ్లు నిండి, గుర్తింపు పత్రం చూపితే ఫోన్లోనే ఖాతా తెరుచుకోవచ్చు. అక్కడ ప్రభుత్వం ‘ఆడొద్దు’ అనదు. కానీ ‘నన్ను ఆడనివ్వకండి’ అని ఎవరైనా తమ గురించి తామే రాసిస్తే, ఆ మాటను కంపెనీలు పాటించి తీరాలి. ఈ ఏర్పాటునే స్వీయ నిషేధం అంటారు.

బ్రిటన్‌లో ఆన్‌లైన్ బెట్టింగ్ కోసం ఈ పని చేసే పథకం పేరు గామ్‌స్టాప్. ఇది 2018లో మొదలైంది. అంతకుముందు ఎన్ని సైట్లలో ఆడితే అన్ని కంపెనీలకూ విడివిడిగా చెప్పుకోవాల్సి వచ్చేది. ఒకచోట తలుపు మూసుకున్నవాడు ఆ రాత్రే ఇంకోచోట కొత్త ఖాతా తెరిచేవాడు. గామ్‌స్టాప్‌లో ఒక్కసారి నమోదైతే చాలు. బ్రిటన్ గ్యాంబ్లింగ్ కమిషన్ లైసెన్సున్న ఆన్‌లైన్ కంపెనీలన్నీ ఆ జాబితాను చూడాల్సిందే. 2020 మార్చి 31 నుంచి ఇది లైసెన్సు షరతు. నమోదుకు పైసా ఖర్చు లేదు.

ఇది ఎలా పనిచేస్తుందో తెలిస్తే ఎక్కడ పనిచేయదో కూడా అర్థమవుతుంది. సాయికృష్ణ అనే విద్యార్థి ఉన్నాడనుకుందాం. పార్ట్‌టైం పనిలో వచ్చిన జీతం, ఇంటి అద్దె కోసం దాచిన డబ్బు శుక్రవారం రాత్రి ఫుట్‌బాల్ పందేల్లో పోయాయి. ఆ బాధలోనే గామ్‌స్టాప్ సైటు తెరిచాడు. పేరు, పుట్టినతేదీ, చిరునామా, పోస్ట్‌కోడ్, ఈమెయిల్, ఫోన్ నంబరు ఇచ్చాడు. ఆరు నెలలా, ఏడాదా, అయిదేళ్లా అని అడిగితే ఏడాది ఎంచుకున్నాడు. గడువు ఎంచుకున్నాక వెనక్కి తీసుకునే వీల్లేదు. వారం తర్వాత మనసు మారి ఫోన్ చేసి బతిమాలినా ఆ ఏడాది పూర్తయ్యేదాకా ఎవరూ ఎత్తేయరు. పథకం బలమంతా ఈ షరతులోనే ఉంది. నిబ్బరంగా ఉన్న క్షణంలో తీసుకున్న నిర్ణయాన్ని, మనసు జారిన క్షణం వచ్చి చెరపకుండా ఇది అడ్డుకుంటుంది.

అయితే నమోదు నొక్కగానే తలుపులు మూసుకోవు. అమల్లోకి రావడానికి 24 గంటల దాకా పట్టవచ్చు. శుక్రవారం రాత్రి నమోదైన సాయికృష్ణకు శనివారం మ్యాచుల వేళకు కొన్ని సైట్లు ఇంకా తెరిచే ఉండవచ్చు. పోగొట్టుకున్నది చివరిసారిగా రాబట్టుకోవాలన్న ఆత్రం ఎక్కువగా ఉండే సమయం కూడా అదే. అందుకే ఆ ఒక్కరోజూ ఫోన్లోంచి యాప్‌లు తీసేయడం, బ్యాంకు కార్డు ఇంట్లో నమ్మకమైనవాళ్ల చేతికివ్వడం మంచిది.

ఇక అమల్లోకి వచ్చాక జరిగేది జాబితాతో పోల్చి చూడటమే. ఎవరైనా ఖాతా తెరవబోయినా, పాత ఖాతాలోకి రాబోయినా, కంపెనీ ఆ మనిషి వివరాలను గామ్‌స్టాప్ దగ్గరున్న వివరాలతో సరిచూస్తుంది. కలిస్తే లోపలికి రానివ్వదు. ఖాతాలో మిగిలిన సొంత డబ్బు తిరిగి ఇచ్చేయాలి, ప్రచార మెసేజీలు ఆపేయాలి.

వివరాలు కలవకపోతే చిక్కు వస్తుంది. తెలుగువాళ్లు ఇక్కడ మరీ జాగ్రత్తపడాలి. మన పేర్లలో ఇంటిపేరు ముందుంటుంది. పాస్‌పోర్టులో ‘వెంకట సాయికృష్ణ’ అని, బ్యాంకులో ‘సాయి’ ఒక ముక్కగా ‘కృష్ణ’ ఒక ముక్కగా, కాలేజీ ఈమెయిల్లో ఇంకో రకంగా ఉండటం మామూలే. దానికితోడు విద్యార్థులు ఏడాదికో ఇల్లు మారతారు, సిమ్ మారుస్తారు. నమోదులో ఒక పోస్ట్‌కోడ్, బెట్టింగ్ ఖాతాలో ఇంకో పోస్ట్‌కోడ్, వేరే ఈమెయిల్, పేరు స్పెల్లింగ్ కాస్త తేడా ఉన్నాయనుకోండి. ఇలా ఒక్కొక్కటీ తప్పుతూ పోతే జాబితాలో ఉన్న మనిషిని కూడా కంప్యూటరు వేరే మనిషి అనుకోవచ్చు. అందుకే బెట్టింగ్ ఖాతాల్లో ఏ పేరు ఎలా రాశారో అలాగే ఇవ్వాలి. వాడిన ఈమెయిళ్లూ ఫోన్ నంబర్లూ గుర్తుచేసుకుని చేర్చాలి. ఇల్లు మారిన ప్రతిసారీ గామ్‌స్టాప్‌లోనూ చిరునామా మార్చాలి. నమోదైన రెండు మూడు రోజుల తర్వాత కూడా ఏదైనా లైసెన్సు సైటు లోపలికి రానిస్తోందంటే వివరాల్లో ఎక్కడో తేడా ఉందని అర్థం. వెంటనే గామ్‌స్టాప్‌కి చెప్పి సరిచేయించుకోవాలి.

ఇంతవరకు చెప్పినవి సరిదిద్దుకోగలిగిన లోపాలు. ఈ పథకం చేయి అసలే అందని చోట్లు వేరే ఉన్నాయి. వాటిలో పెద్దది లైసెన్సు లేని సైట్ల లోకం. వేరే దేశాల్లో కూర్చుని నడిపే ఈ సైట్లకు బ్రిటన్ కమిషన్‌తో సంబంధం లేదు, కాబట్టి జాబితా చూడాల్సిన బాధ్యతా లేదు. పైగా ‘మేం గామ్‌స్టాప్‌లో లేము’ అన్న మాటనే ఎర చేసి ప్రచారం చేసుకునేవి ఉన్నాయి. తనను తాను నిషేధించుకున్న మనిషి ఎలాంటివాడో వాళ్లకు బాగా తెలుసు. ఆడకుండా ఉండలేక గూగుల్లో ఆ మాట వెతికేవాడే వాళ్ల ఖాతాదారు. గెలిచినా డబ్బు చేతికి రాకపోతే ఫిర్యాదు చేసేందుకు అక్కడ దిక్కుండదు.

రెండోది, గామ్‌స్టాప్ ఆన్‌లైన్‌కే పరిమితం. వీధి చివర బెట్టింగ్ షాపులో నగదు పెడితే అది అడ్డం రాదు. షాపులకు ఒకటి, క్యాసినోలకు ఒకటి, బింగో హాళ్లకు, ఆట యంత్రాల ఆర్కేడ్లకు వేర్వేరు పథకాలున్నాయి. షాపుల పథకంలో ఏ ప్రాంతపు దుకాణాల్లోకి రానివ్వొద్దో మనమే చెప్పాలి, ఫొటో ఇవ్వాలి. అమలు మాత్రం కౌంటర్ దగ్గరున్న మనిషి కంటిచూపు మీదే. మద్యం మానాలనుకున్నవాడు ఊళ్లో దుకాణాలన్నింటికీ తన ఫొటో పంచి ‘నాకు అమ్మొద్దు’ అని చెప్పుకున్నట్టే ఉంటుంది ఇది. రోజూ వెళ్లే షాపులో గుర్తుపడతారు. రద్దీగా ఉన్న శనివారం నాడు, కొత్తగా చేరిన ఉద్యోగి ఉన్నచోట, గుర్తుపట్టకపోవచ్చు.

మూడోది, ఇంకొకరి పేరు. రూమ్మేట్ ఖాతాలో తన డబ్బు పెట్టి ఆడితే జాబితాకు తెలిసే మార్గం లేదు. నాలుగోది, బెట్టింగ్ లాగే కనిపించినా చట్టం దృష్టిలో వేరేవి అయినవి. షేర్ల ధరలమీద పందెం లాంటి ఫైనాన్షియల్ స్ప్రెడ్ బెట్టింగ్, క్రిప్టో ట్రేడింగ్ గ్యాంబ్లింగ్ కమిషన్ లైసెన్సు కిందకు రావు. పందేలు మానేశానని చెప్పి రాత్రంతా క్రిప్టో ధరలు చూస్తూ కూర్చునేవాడి విషయంలో గామ్‌స్టాప్ చేయగలిగింది ఏమీ లేదు.

ఈ సందుల్లో కొన్నింటిని మూసేవి ఇంకో రెండు ఉన్నాయి. ఒకటి బ్యాంకు. బ్రిటన్‌లో క్రెడిట్ కార్డుతో బెట్టింగ్‌ను 2020 ఏప్రిల్ 14 నుంచే నిషేధించారు. డెబిట్ కార్డుకు చాలా బ్యాంకుల యాప్‌లో ‘గ్యాంబ్లింగ్ బ్లాక్’ అనే మీట ఉంటుంది. ప్రతి వ్యాపారికీ కార్డు వ్యవస్థలో ఒక వర్గం సంఖ్య ఉంటుంది, జూదానిది 7995. మీట వేస్తే ఆ సంఖ్యతో వచ్చే చెల్లింపులను బ్యాంకు తిప్పికొడుతుంది. తీసేయాలనుకుంటే వెంటనే పోదు, కొన్ని బ్యాంకుల్లో 48 గంటలు, కొన్నింటిలో 72 గంటలు ఆగాలి. కానీ లైసెన్సు లేని సైటు తనను బట్టల కొట్టుగానో ఇంకేదో వ్యాపారంగానో నమోదు చేసుకుంటే ఈ సంఖ్య కనిపించదు, డబ్బు వెళ్లిపోతుంది. బ్యాంకు నుంచి నేరుగా పంపే డబ్బును, క్రిప్టో కొనడాన్ని కూడా ఈ మీట ఆపకపోవచ్చు. చేతిలో నగదు సంగతి చెప్పక్కర్లేదు.

రెండోది ఫోన్లో వేసుకునే బ్లాకింగ్ సాఫ్ట్‌వేర్. గామ్‌బాన్, బెట్‌బ్లాకర్ ఇలాంటివే. లైసెన్సు ఉందా లేదా అని ఇవి చూడవు. తమ దగ్గరున్న సైట్లు, యాప్‌ల జాబితాలో ఉంటే తెరవనివ్వవు. గామ్‌స్టాప్ చేయి అందని విదేశీ సైట్లను పట్టేది ఇదొక్కటే. అయితే ఏ పరికరంలో వేస్తే ఆ పరికరంలోనే పనిచేస్తుంది. పాత ఫోన్, లాప్‌టాప్, టాబ్లెట్ ఒక్కటి వదిలినా ఆ దారి తెరిచినట్టే. రోజుకో కొత్త పేరుతో పుట్టే సైటు జాబితాలోకి ఎక్కేదాకా అది కూడా కొంతకాలం తప్పించుకుంటుంది.

ఇప్పుడు సాయికృష్ణ దగ్గరికి వద్దాం. అతను జాబితాలో ఉన్నాడు, బ్యాంకు మీట వేశాడు, ఫోన్లో, లాప్‌టాప్‌లో బ్లాకింగ్ పెట్టాడు. అయినా ఒకరాత్రి ఆడాలనిపించిందనుకుందాం. పాత యాప్ లోపలికి రానివ్వదు. విదేశీ సైటు తెరుచుకోదు. వేరే ఫోన్ సంపాదించినా కార్డు చెల్లింపు తిరిగిరావచ్చు. మీట తీయడానికి రెండు రోజులు ఆగాలి. రూమ్మేట్‌ని అడగొచ్చు, కానీ ఒకరిని అడగాలంటే పైకి చెప్పాలి. వీటిలో ఏదీ దాటలేని అడ్డం కాదు. కానీ అన్నీ కలిసి, చేయి సాచగానే అందే పందేన్ని గంటల దూరానికో రోజుల దూరానికో నెడతాయి. ఆడాలన్న తహతహ మాత్రం ఒకే ఉధృతితో అంతసేపు నిలవదు. స్వీయ నిషేధం సంపాదించిపెట్టేది ఈ వ్యవధినే. అప్పులు తీర్చదు, అలవాటుకు చికిత్స చేయదు. బ్రిటన్‌లో జాతీయ గ్యాంబ్లింగ్ హెల్ప్‌లైన్ 0808 8020 133 రోజంతా ఉచితంగా పనిచేస్తుంది. ఇక్కడ మనవాళ్లు టెలి మానస్ 14416కి చేయవచ్చు.

ఇంట్లోవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: ‘మా అబ్బాయి పేరు మేమే నమోదు చేయొచ్చా?’ కుదరదు. పేరులో ఉన్నట్టే ఇది స్వీయ నిషేధం. గుంటూరులో ఉన్న తండ్రి అయినా, పక్క గదిలో ఉన్న భార్య అయినా వేరొకరి పేరు ఎక్కించలేరు. వాళ్లు చేయగలిగింది పక్కన కూర్చుని నమోదు చేయించడం, బ్లాకింగ్ సాఫ్ట్‌వేర్ పాస్‌వర్డ్ తమ దగ్గర ఉంచుకోవడం, ‘అద్దె కట్టాలి’ అని ఫోన్ వస్తే డబ్బు అతని ఖాతాకు కాక నేరుగా ఇంటి యజమానికి పంపడం.

చివరగా గడువు సంగతి. ఏడాది పూర్తయిన రోజున తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయని చాలామంది భయపడతారు. తెరుచుకోవు. గడువు ముగిశాక కూడా మనం అడిగేదాకా నిషేధం కొనసాగుతుంది, ఏడేళ్ల దాకా. ఎత్తేయమని అడిగినా అప్పటికప్పుడు కాక, ఇంకో 24 గంటలు ఆగమంటారు. కాబట్టి గడువు దగ్గరపడుతోందని కంగారుపడనక్కర్లేదు. ఆ రోజు వచ్చినప్పుడు ఏమీ చేయకుండా ఊరుకుంటే చాలు, నిషేధం అలాగే ఉంటుంది.