దూలం అదే, పేపరు వేరు

ఇంజనీరింగ్ విద్యార్థులకు ‘స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్’ పరీక్షలో తరచూ ఎదురయ్యే లెక్క ఒకటుంది. ఎనిమిది మీటర్ల దూలం. ఎడమ చివర ఒక ఆధారం, అక్కడికి ఆరు మీటర్ల దూరంలో రెండో ఆధారం. మిగతా రెండు మీటర్లు గాలిలోకి చొచ్చుకొని ఉంటుంది. దూలం పొడవునా మీటరుకు 10 కిలోన్యూటన్ల బరువు పరచి ఉంది. గాలిలో ఉన్న కొసకు మరో 20 కిలోన్యూటన్లు వేలాడుతున్నాయి. షియర్ ఫోర్స్, బెండింగ్ మూమెంట్ పటాలు గీయాలి. వంపు ఎక్కడ దిశ మార్చుకుంటుందో కనిపెట్టాలి. దూలం ‘టి’ ఆకారంలో ఉంటే దాని పైన, కింద పుట్టే ఒత్తిళ్లెంతో చెప్పాలి.

ఇదే పాఠం పాలిటెక్నిక్‌లోనూ ఉంది. అక్కడ కూర్చున్నది పదో తరగతి అయ్యాక పాలిసెట్ రాసి చేరిన పిల్లవాడు. అతనికి గంటన్నరలో ముగిసే 40 మార్కుల పేపరు తయారు చేయాలి. పాఠం చెప్పే లెక్చరరు చాలాసార్లు బీటెక్ చదివి వచ్చినవారే కాబట్టి, తాను రాసిన పాత పేపరే ముందు గుర్తుకొస్తుంది. దాన్ని ఎలా తగ్గించాలి?

చాలామంది చేసే పని, గాలిలో ఉన్న రెండు మీటర్లనూ కోసేయడం. రెండు చివర్లా ఆధారాలున్న మామూలు దూలం మిగులుతుంది. దాని మధ్యలో వచ్చే గరిష్ఠ మూమెంట్‌కు wL²/8 అని సూత్రం ఉంది. విద్యార్థి రెండు అంకెలు అందులో వేసి జవాబు రాస్తాడు. ప్రశ్న తేలికైంది, నిజమే. కానీ దూలం గురించి అతనికి ఏం తెలుసో మనకు తెలియలేదు, సూత్రం గుర్తుందని మాత్రమే తెలిసింది.

పైగా కోసేసిన ఆ ముక్కలోనే అసలు విషయం ఉంది. రెండు ఆధారాల మధ్య బరువు మోసే దూలం కిందికి వంగుతుంది, దాని అడుగు భాగం సాగుతుంది. గాలిలోకి చొచ్చుకొచ్చిన చోట వ్యవహారం తలకిందులు. అక్కడ పైభాగం సాగుతుంది. సాగే వైపున కాంక్రీటు పగులుతుంది కాబట్టి ఇనుప కడ్డీలు ఆ వైపే ఉండాలి. బాల్కనీ స్లాబులో ప్రధాన కడ్డీలు పైన కట్టేది ఇందుకే. వాటిని కింద కట్టేస్తేనో, పోత పోసేటప్పుడు కాళ్ల కింద నలిగి కిందికి దిగిపోతేనో బాల్కనీ విరిగి పడుతుంది. సివిల్ డిప్లొమా చదివినవాడు రేపు సైట్ సూపర్‌వైజరుగా నిలబడేది అక్కడే. కాబట్టి అతని పేపర్లో ఆ రెండు మీటర్లూ ఉండి తీరాలి.

మరి దేన్ని తీసేయాలి? మొదటి ప్రశ్న కష్టంగా ఉన్నది ఆ ఆలోచన వల్ల కాదు, దాని మీద ఎక్కించిన మూటల వల్ల. ‘టి’ ఆకారానికి తటస్థ అక్షం వెతకడం ఒక మూట. దాని జడత్వ భ్రామకం లెక్కగట్టడం ఇంకోటి. పటాలు కొలతలతో గీయడం మరోటి. పైగా అన్నీ గొలుసుకట్టు. మొదట్లో ఆధారం మోసే బలం తప్పు వస్తే చివరి జవాబు దాకా తప్పే.

గొలుసు తెంచి, మూటలు దించి, అదే దూలాన్ని పది మార్కులకు ఇలా అడగవచ్చు. బొమ్మ మనమే వేసి ఇస్తాం. (అ) కుడి ఆధారం మోసే బలం 80 కిలోన్యూటన్లని చూపండి: 2 మార్కులు. (ఆ) ఆ ఆధారం దగ్గర బెండింగ్ మూమెంట్ ఎంత: 3 మార్కులు. (ఇ) అక్కడ దూలం పైభాగం సాగుతుందా, అడుగు భాగమా? కారణం ఒక్క వాక్యంలో రాయండి: 2 మార్కులు. (ఈ) దూలం 200 మిల్లీమీటర్ల వెడల్పు, 300 మిల్లీమీటర్ల లోతున్న దీర్ఘచతురస్రమైతే అక్కడ గరిష్ఠ ఒత్తిడి ఎంత: 3 మార్కులు.

మొదటి భాగంలో జవాబు మనమే చెప్పేశాం. మార్కులు దాన్ని రాబట్టిన తీరుకే. అది రాకపోయినా విద్యార్థి అక్కడే ఆగిపోడు, ఎందుకంటే రెండో భాగానికి దానితో పనిలేదు. గాలిలో ఉన్న ముక్క ఒక్కటి చూస్తే చాలు. కొసన ఉన్న 20 కిలోన్యూటన్లు రెండు మీటర్ల దూరంలో ఉన్నాయి కాబట్టి 40. పరచిన బరువు మొత్తం 20, దాని కేంద్రం ఒక మీటరు దూరంలో ఉంది కాబట్టి మరో 20. వెరసి 60 కిలోన్యూటన్-మీటర్లు. చివరి భాగంలో bd²/6 కట్టితే 30 లక్షల ఘన మిల్లీమీటర్లు వస్తుంది. ఒత్తిడి చదరపు మిల్లీమీటరుకు సరిగ్గా 20 న్యూటన్లు. అంకెలు ఇలా తెగేలా ఎంచుకోవడం కూడా ప్రశ్న కూర్పులో భాగమే. దశాంశాలతో కుస్తీ పట్టే సమయం ఆలోచనకు మిగులుతుంది.

తప్పు జవాబులు కూడా ముందే ఊహించి పెట్టుకోవాలి. రెండో భాగంలో 40 అని రాస్తే పరచిన బరువును మరచిపోయాడని అర్థం. 80 అని రాస్తే దాని కేంద్రాన్ని ఒక మీటరు దగ్గర కాక కొసన పెట్టాడని అర్థం. ఆ తప్పు అంకెతోనే చివరి భాగాన్ని సరైన పద్ధతిలో చేస్తే ఆ మూడు మార్కులూ ఇవ్వాలని వాల్యుయేషన్ స్కీములో ముందే రాసి ఉంచాలి. లేకపోతే ఒకే పొరపాటుకు రెండుసార్లు శిక్ష పడుతుంది. మూడో భాగంలో కారణం లేని జవాబుకు మార్కు ఇవ్వకూడదు. పైనా, కిందా అన్నవి రెండే కాబట్టి ఊహించి రాసినా సగంమందికి తగులుతుంది.

ఇక సమయం. లెక్చరరు తన ప్రశ్నను తానే, జవాబు చూడకుండా, పూర్తి మెట్లతో రాసి గడియారం చూసుకోవాలి. విద్యార్థికి దానికి మూడింతలు పడుతుందన్నది పనికొచ్చే అంచనా. ఏడు నిమిషాల్లో తెగిన లెక్కకు అతనికి ఇరవై ఒక్క నిమిషాలు కావాలి. గంటన్నరలో 40 మార్కులంటే పది మార్కులకు దొరికేది ఇరవై రెండున్నర నిమిషాలు, కాబట్టి సరిపోతుంది. పదిహేను నిమిషాలు పట్టే పాత ‘టి’ దూలం లెక్క ఒక్కటే సగం పరీక్షను మింగేసేది.

చిన్న పేపరుకు ఓ బలహీనత ఉంది. పది మార్కుల లెక్కలు నాలుగే ఇస్తే, చదవని పాఠం నుంచి ఒకటి రావడంతోనే నాలుగో వంతు మార్కులు పోతాయి. అది చదువుకు కాక అదృష్టానికి పరీక్ష అవుతుంది. అందుకే పెద్ద లెక్కలు రెండుకు మించకుండా, మిగతా 20 మార్కులు రెండేసి మార్కుల ప్రశ్నలుగా సిలబస్ అంతటా చల్లాలి.

పేపరు కుదిరిందో లేదో దిద్దాక తెలుస్తుంది. అరవైమంది తరగతిలో మొత్తం మార్కుల్లో పైనున్న ఇరవైమందినీ, కిందనున్న ఇరవైమందినీ విడదీసి, ఒక్కో భాగాన్ని ఎంతమంది సరిగా రాశారో లెక్కపెట్టండి. పైవారిలో పద్దెనిమిది మంది, కిందివారిలో ఆరుగురు రాస్తే ఆ ప్రశ్న తన పని చేసింది. రెండు గుంపుల్లోనూ సమానంగా వస్తే అది ఎవరికేం తెలుసో విడదీయలేదు. కిందివారే ఎక్కువమంది రాస్తే ప్రశ్న వాక్యంలోనో, మన జవాబులోనో తప్పుందని అనుమానించాలి. వచ్చే ఏడాది పేపరును తగ్గించే పని పాత యూనివర్సిటీ పేపరుతో కాక, ఈ లెక్కలు రాసుకున్న కాగితంతో మొదలుపెట్టండి.