తలుపు మీది నోటీసు కాదు, తేదీలు చూడండి

ఇంటి తలుపుకు బ్యాంకు స్వాధీన నోటీసు అంటించగానే చాలామంది సివిల్ కోర్టులో స్టే తెచ్చుకోవచ్చనుకుంటారు. కానీ 2002 నాటి సర్ఫేసీ చట్టం ఆ దారి దాదాపు మూసేసింది. వెళ్లాల్సింది రుణ వసూళ్ల ట్రైబ్యునల్‌కు, అంటే డీఆర్‌టీకి. తెలుగు రాష్ట్రాల్లో ఇవి హైదరాబాద్, విశాఖపట్నంలలో ఉన్నాయి. గడువు 45 రోజులు. అక్కడ కష్టాలు చెప్పుకుంటే సరిపోదు, బ్యాంకు ఏ మెట్టు దాటేసిందో చూపించాలి.

ఒక ఊహాజనిత ఉదాహరణ తీసుకుందాం. వాయిదాలు ఆగిపోయిన ఇంటి రుణంపై ఏప్రిల్ 1న డిమాండ్ నోటీసు వచ్చింది. బాకీ కట్టడానికి 60 రోజుల వ్యవధి ఉంటుంది కాబట్టి మే 31 దాకా బ్యాంకు ఇల్లు స్వాధీనం చేసుకోకూడదు. లెక్కలో తప్పుందంటూ రుణగ్రహీత ఏప్రిల్ 20న రాతపూర్వకంగా అభ్యంతరం అందజేశాడు. దాన్ని ఎందుకు ఒప్పుకోవడం లేదో బ్యాంకు 15 రోజుల్లో, అంటే మే 5లోగా, కారణాలతో తెలియజేయాలి. జవాబు రాలేదు. జూన్ 12న తలుపుకు నోటీసు అంటించారు.

అంటించడంతో పని అయిపోదు. నోటీసును రుణగ్రహీతకు కూడా అందజేయాలి. ఏడు రోజుల్లోగా రెండు ప్రముఖ పత్రికల్లో ప్రకటించాలి, వాటిలో ఒకటి ఆ ప్రాంతంలో బాగా చదివే స్థానిక భాషా పత్రిక అయి తీరాలి. మన ఉదాహరణలో ప్రకటన జూన్ 28న వచ్చింది, అదీ రెండు ఇంగ్లిష్ పత్రికల్లోనే. అభ్యంతరానికి జవాబు లేకపోవడం, ప్రకటన ఆలస్యం కావడం, తెలుగు పత్రికలో రాకపోవడం: పిటిషన్‌లో రాయదగ్గ లోపాలివే. జూన్ 12 నుంచి లెక్కేస్తే జులై 27లోగా దాఖలు చేయాలి.

నోటి మాటగా చెబితే ఇవేవీ నిలవవు. అభ్యంతరం పంపిన రిజిస్టర్డ్ పోస్టు రసీదు, అది చేరినట్టు రుజువు, బ్యాంకు నోటీసు వచ్చిన కవరు, తలుపు మీది నోటీసు ఫొటో, పత్రిక కాపీ జతచేయాలి. పిటిషన్ వేసినంత మాత్రాన వేలం ఆగదు, స్టే కోసం విడిగా అడగాలి.

లోపం కనబడితే గెలిచినట్టేనని కూడా అనుకోవద్దు. అభ్యంతరానికి జవాబివ్వడం తప్పనిసరని 2018లో బ్లూ కోస్ట్ హోటల్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా కడతామని మాటిస్తూ పదేపదే గడువు అడిగిన ఆ సంస్థకు ఊరట ఇవ్వలేదు. లోపం వల్ల తనకు జరిగిన నష్టమేమిటో, తాను నిజాయితీగా వ్యవహరించానో లేదో రుణగ్రహీత చూపగలగాలి.

ట్రైబ్యునల్ స్వాధీనాన్ని రద్దు చేసినా అప్పు రద్దు కాదు. బ్యాంకు ఈసారి పద్ధతి ప్రకారం మళ్లీ మొదలుపెట్టవచ్చు. గెలుపుతో చేతికొచ్చేది కొంత సమయం. ఆ సమయంలో బాకీ కట్టడమో, ఒకేసారి పరిష్కారానికి బ్యాంకును ఒప్పించడమో చేసినప్పుడే ఇల్లు నిలుస్తుంది.